నాలుగు మార్కుల కవిత



ఈ పూట నేను రాసిన ఒక కవితను ముక్కలు ముక్కలుగా వినిపిస్తాను. మధ్యమధ్య ఆగి, అది అలా ఎందుకుందో చెబుతాను. ఇంటర్ రెండో ఏడాదిలో లెక్కల పరీక్ష తప్పిన ఒక కుర్రాడి కవిత ఇది. తప్పాడు, కొన్నాళ్ళు మంచం దిగలేదు, తర్వాత దిగాడు, మళ్ళీ పరీక్ష రాశాడు. కథంతా ఇంతే. ఇంత చిన్న కథలో కవికి ఎదురయ్యే చిక్కు నీతితోనే. దాన్ని ఎవరూ పిలవక్కర్లేదు. రాస్తున్న చేతి పక్కనే వచ్చి కూర్చుంటుంది.

ఇది మనకి బళ్ళోంచీ ఉన్న అలవాటే. శతకపద్యం ఇచ్చి భావం రాయమంటారు. ఉన్న నాలుగు పాదాల భావమూ రాసేశాక, చివర "కాబట్టి మనం" అంటూ ఒక వాక్యం చేర్చకపోతే మార్కు తగ్గుతుందేమోనని ఒక బెంగ. వ్రతకథకి ఫలశ్రుతి ఉంటుంది. మినీ కవిత వచ్చాక కొసమెరుపు వచ్చింది. ఆఖరి పాదంలో మెరవకపోతే సభలో చప్పట్లు పడవు. వీటిలో దేన్నీ నేను తప్పు పట్టను. వేమన నీతి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? కానీ పరీక్ష తప్పిన పిల్లవాడి సంగతి వేరు. వాడికి ఆ వారం రోజుల్లో బాబాయి దగ్గర్నుంచి పక్కవీధి మెడికల్ షాపాయన దాకా అందరూ నీతి చెప్పే ఉంటారు. ఓటమి గెలుపుకి మెట్టని, ఎడిసన్ అని, సచిన్ టెండూల్కర్ అని. కవిత కూడా అదే పని చేస్తే ఆ వరసలో మరో చుట్టం చేరినట్టే.

కవిత మొదలు వినండి.

*ఫలితాలు పదకొండు గంటలకన్నారు.*
*పదకొండున్నరకి పేజీ తెరుచుకుంది.*
*హాల్‌టికెట్ నంబరు మళ్ళీ కొడితే*
*వరసలన్నీ వచ్చాయి.*
*ఇంగ్లీషు, సంస్కృతం, భౌతికం, రసాయనం.*
*గణితం 2ఏ పక్కన 22.*
*దాని పక్కన ఒక అక్షరం.*
*వంటింట్లోంచి అమ్మ*
*"వచ్చిందా?" అనడిగింది.*
*"సర్వర్ బిజీ" అన్నాడు.*

ఇంటర్ చదివినవాళ్ళకి ఆ 22 అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం చెబుతాను. గణితం పేపరు 75 మార్కులకి. పాసవడానికి 26 రావాలి. పేపర్లో మూడు భాగాలు. మొదటిదానిలో రెండేసి మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. రెండోదానిలో నాలుగేసి మార్కులవి ఏడిస్తారు, అయిదు రాయాలి. మూడోదానిలో ఏడేసి మార్కులవి ఏడు, వాటిలోనూ అయిదే రాయాలి. 22కీ 26కీ మధ్య తేడా నాలుగు. అంటే రెండో భాగంలో ఒక్క ప్రశ్న. ఆ కుర్రాడికి ఆ ప్రశ్న ఏదో కూడా తెలుసు, ఆ సంగతి తర్వాత వస్తుంది.

మొదటి చిత్తుప్రతిలో నేను "నాలుగు మార్కులు" అని రాశాను. చదివి చూసుకుంటే ఆ మాట గుండెలు బాదుకుంటోంది. అయ్యో నాలుగే, అయ్యో కొంచెంలో పోయింది అంటోంది. తీసేశాను. 22 అని మాత్రం ఉంచాను. తీసివేత తెలిసినవాళ్ళు ఎలాగూ చేసుకుంటారు. పైగా ఆ కుర్రాడు ఆ క్షణంలో తేడా లెక్కేసుకునే స్థితిలో లేడు. ఆ అంకె పక్కనున్న అక్షరాన్ని పేరు పెట్టి చెప్పలేదు కూడా అందుకే. అతను దాన్ని చదవడం ఇష్టంలేక పక్కకి చూపు తిప్పుకున్నాడు, కవితా చూపు తిప్పుకుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ కుర్రాడికి అన్యాయం జరగలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్ళీ చూస్తే తొంభైతొమ్మిది. ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పిన మూడు లక్షల పైచిలుకు పిల్లల జవాబుపత్రాలని ఉచితంగా మళ్ళీ చూడాల్సి వచ్చింది. ఆ ఉదంతం మీద ఎన్నో కవితలు వచ్చాయి, రావాలి కూడా. కానీ సున్నా తొంభైతొమ్మిదైన చోట వార్తే అంత గట్టిగా మాట్లాడుతుంది, కవిత దాని వెనక గొంతు కలపడం తప్ప చేసేది తక్కువ. అక్కడ పని పత్రికలది, కోర్టులది. నాకు కష్టంగా అనిపించింది రెండో రకం కుర్రాడు. బోర్డు తప్పు లేదు, మేష్టారి తప్పు లేదు, 22 నిజంగానే 22. కోపం పెట్టుకోవడానికి చోటు దొరకనివాడు. వాడి కోసం ఎవరూ ధర్నా చెయ్యరు.

రెండో ముక్క.

*ఆ మధ్యాహ్నమే మామిడికాయలొచ్చాయి.*
*పాతిక కాయలు, కడిగి తుడిచి ఆరబెట్టాలి.*
*అమ్మ ఏమీ అనలేదు. గుడ్డ ఇచ్చింది.*
*ఒక్కో కాయా తొడిమ దగ్గర ఒత్తి తుడిచాడు.*
*అమ్మ కొట్టిన ముక్కల్లో జీడి తీసి పక్కన పెట్టాడు,*
*టెంక లోపలి పొర చెంచాతో గీకాడు.*
*పక్కింటావిడ గుమ్మంలో నిలబడి*
*"మావాడికి తొమ్మిదొందల అరవై" అంది.*
*అమ్మ గ్లాసుతో ఉప్పు కొలుస్తోంది.*
*ఎన్నో గ్లాసో మర్చిపోయి*
*మళ్ళీ మొదటి నుంచి కొలిచింది.*

ఇంటర్ ఫలితాలూ ఆవకాయ కాయలూ మన ఇళ్ళకి దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి. ఏప్రిల్ రెండో సగం. ఇది నేను కల్పించిన పొంతన కాదు, క్యాలెండరులోనే ఉంది. కాయ కొట్టిన రోజు ఇంట్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. తడి తగిలితే బూజు పడుతుంది కాబట్టి తుడిచే పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి, దానికి పిల్లల్ని కూర్చోబెడతారు. అందుకే అమ్మ గుడ్డ ఇచ్చింది. ఆమెకి అప్పటికే తెలిసిపోయిందా? తెలుసని నేను ఎక్కడా రాయలేదు. సర్వర్ బిజీ అని మధ్యాహ్నం దాకా నమ్మే అమ్మలు ఎవరూ లేరు, అది మీకూ తెలుసు.

ఈ ముక్కని నేను చదివి వినిపించిన మిత్రుడొకాయన, మంచి కవి, వెంటనే పట్టుకున్నాడు. "అద్భుతం గురూ, ఆవకాయ ఊరడానికి రోజులు పట్టినట్టు కుర్రాడూ మెల్లగా ఊరతాడు, చివర్లో జాడీ మూత తియ్యి, అయిపోయింది" అన్నాడు. అది నాకు తట్టలేదంటే అబద్ధం. మొదట తట్టింది అదే. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలడం, ముక్క మెత్తబడడం, కారం ఘాటు తగ్గి రుచికి రావడం, అన్నీ అమిరినట్టే ఉన్నాయి. అలా అమరడమే నాకు భయం. ఎందుకంటే నీతి ఎప్పుడూ "కాబట్టి మనం" అనే వేషంలోనే రాదు. ఉపమానంలో కూర్చుని కూడా వస్తుంది. ఆవకాయతో పోల్చిన మరుక్షణం కుర్రాడు ఊరి తీరాలి. ఊరగాయ ఊరకుండా ఉండదు కదా. అంటే వాడు బాగుపడతాడని నేను హామీ ఇచ్చేసినట్టు. ఆ హామీ ఇచ్చే హక్కు నాకు లేదు. ప్రతి ఏప్రిల్‌లోనూ బాగుపడే దాకా ఆగని పిల్లలున్నారు. మీ ఇంట్లో అలా మౌనంగా ఉన్న పిల్లలెవరైనా ఉంటే, కవితలు తర్వాత వినొచ్చు, ముందు 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ వాళ్ళ ఉచిత నంబరు అది, తెలుగులో మాట్లాడతారు.

అందుకని ఆవకాయని ఆవకాయలాగే వదిలేశాను. కవితలో మళ్ళీ ఎక్కడా అది రాదు. జాడీ మూత తియ్యలేదు. నాటకం మొదటి అంకంలో తుపాకి కనిపిస్తే చివరి అంకంలో పేలాలంటారు. పాతిక మామిడికాయలకి ఆ నియమం వర్తించదని నా వాదన.

మరి ఈ ముక్కలో ఉన్నదేమిటి? నా మటుకు నాకు అమ్మ ఉప్పు లెక్క తప్పడం. పక్కింటావిడ చెడ్డది కాదు, గొప్పలకి రాలేదు కూడా, సంతోషం పట్టలేక వచ్చింది. ఆవిడకి సమాధానం ఎవరూ చెప్పలేదు. అమ్మ మళ్ళీ మొదటి గ్లాసు నుంచి కొలిచింది. ఆమె బాధపడింది అని రాస్తే పాఠకుడు సరే అని పేజీ తిప్పుతాడు. ఎన్నో గ్లాసో మర్చిపోయిందంటే, ఆవకాయ పెట్టిన ప్రతివాళ్ళకీ ఆ గ్లాసు బరువు తెలుసు. ఉప్పు తగ్గితే ఏడాదంతా పోతుంది.

మూడో ముక్క చిన్నది.

*మే నెలలో కొన్ని రోజులు లేవు.*
*ఫ్యాను ఉంది. బల్లి ఉంది.*
*గ్రూపులో ఎంసెట్ కీ గురించి మెసేజీలు.*
*ఫోను బోర్లా పెట్టి పడుకునేవాడు.*
*నాన్న ఫీజు కట్టొచ్చి*
*రసీదు టీవీ కింద పెట్టాడు.*
*ఎగిరిపోకుండా దాని మీద రిమోట్ పెట్టాడు.*

మీకు ఇక్కడ తేదీల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కవిత వేగం వాటి మీదే ఆధారపడింది. 2024లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 24న వచ్చాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు మే 24న మొదలయ్యాయి. సరిగ్గా నెల. ఏడాది పోకుండా ఉండడానికి ఇది మంచి ఏర్పాటే, కాదనను. కానీ సప్లిమెంటరీ ఫీజు గడువు ఫలితాల తర్వాత మొదటి పది రోజుల్లోనే ముగిసిపోతుంది. కుర్రాడింకా గోడ వైపు తిరిగి పడుకుని ఉండగానే, మళ్ళీ రాస్తాడా లేదా అన్నది ఇంకొకళ్ళు తేల్చెయ్యాలి. ఇక్కడ నాన్న తేల్చాడు. కాలేజీకి వెళ్ళి, క్లర్కు ముందు నిలబడి, కట్టి వచ్చాడు. కొడుకుతో ఒక్క మాటా అనలేదు. రసీదు పెట్టాడంతే.

ఈ మౌనం గురించి రెండు రకాల మాటలు విన్నాను. నాన్న ప్రేమ ఎంత గొప్పది అని కొందరు. బిడ్డని ఒక్కసారైనా దగ్గరికి తీసుకోని కటిక మనిషి అని మరికొందరు. రెండూ కవితలో లేవు. రిమోట్ మాత్రం ఉంది. ఫ్యాను కింద కాగితం ఎగిరిపోతుంది కాబట్టి దాని మీద ఏదో ఒకటి పెట్టాలి. ఆయనకి చేతికందింది అదే. ఇక ఆ తర్వాత టీవీ పెట్టాలంటే ముందు ఆ రసీదు కనిపించి తీరుతుంది. ఆయన కావాలని అలా పెట్టాడా? ఏమో. మా నాన్నగారి తరంలో ఇలాంటివి కావాలని చేసినా, అడిగితే ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఈ ముక్కని మొదట ఛందస్సులో ప్రయత్నించాను. 1910లో గురజాడ "ముత్యాల సరములు"తో తెచ్చిన నడక నాకు చాలా ఇష్టం. మూడూ నాలుగూ మాత్రలు కలిసి ఊగుతూ వెళ్తుంది, తెలుగు మాటకి అంత సహజంగా అతికిన నడక ఇంకోటి లేదేమో. ఇక్కడ అదే ఇబ్బందైంది. ఆ నడక ఆగదు. మూడు, నాలుగు, మూడు, నాలుగు అంటూ ముందుకి తీసుకుపోతూనే ఉంటుంది. మంచం మీదనుంచి లేవని కుర్రాణ్ణి ఆ పాదాల్లో పెడితే వాడు లేచి నడవడం మొదలుపెడుతున్నాడు. మాత్రలే వాడికి ధైర్యం చెప్పేస్తున్నాయి. అందుకని ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి కుందుర్తి ఏ వచనకవిత కోసం కొట్లాడారో ఆ దారికే వచ్చాను. "ఫ్యాను ఉంది. బల్లి ఉంది." అన్న చోట ఏ తాళమూ పడదు. వాక్యం అయిపోయాక ఇంకో వాక్యం రావాలని ఏమీ లేనట్టు ఉంటుంది. ఆ రోజులు అలాగే ఉంటాయి.

ఇక నాలుగో ముక్క. కోలుకోవడం అంటారే, అది ఇక్కడే.

*ఒక రోజు ఎవరూ చెప్పకుండానే స్నానం చేశాడు.*
*మర్నాడు చెయ్యలేదు.*
*ఆ మర్నాడు పుస్తకం తీశాడు.*
*విస్తరణ కొలతలు, పట్టిక.*
*స్కేలు పెట్టి నిలువుగీతలు గీశాడు.*
*అడ్డగీతలు గీశాడు.*
*అంకెలు వెయ్యలేదు.*
*పేజీ చక్కగా ఉందనిపించి*
*మూసేశాడు.*

విస్తరణ కొలతలంటే లెక్కల్లో వెనకబడ్డ పిల్లల పాలిట చుట్టం. మూడో భాగంలో ఏడు మార్కుల ప్రశ్న. మధ్యమ విచలనమో విస్తృతో కట్టమంటారు. బుర్ర పెట్టాల్సింది తక్కువ, చెయ్యి ఆడాల్సింది ఎక్కువ. పట్టిక గీసి, తరగతులూ పౌనఃపున్యాలూ వేసుకుని, ఒక్కో నిలువువరసా గుణించుకుంటూ పోవడమే. సప్లిమెంటరీకి చదివే ప్రతి పిల్లవాడికీ లెక్చరర్లు మొదట చెప్పేది, ముందు అది నేర్చుకోరా, ఏడు మార్కులు ఎక్కడికీ పోవు అని. కాబట్టి ఈ కుర్రాడు పుస్తకం తీస్తే అక్కడే తీస్తాడు. అది కవి ఎంపిక కాదు, పేపరు చేసిన ఎంపిక.

కానీ లెక్క చెయ్యలేదు. గీతలు గీసి మూసేశాడు. ఈ ముక్క ఇలా తేలడానికి చాలా కాలం పట్టింది. మొదట్లో పట్టిక నింపించాను, మొత్తం కూడించాను, జవాబు పుస్తకం వెనకున్న జవాబుతో సరిపోయింది. చదివితే హాయిగా ఉంది, అబద్ధంలా కూడా ఉంది. పడిపోయినవాడు తిరిగి లేవడం మెట్లెక్కినట్టు ఉండదు. ఇవాళ స్నానం చేస్తాడు, రేపు చెయ్యడు. పుస్తకం తీస్తాడు, అందులో తనకి చేతనైన పని ఒకటి, గీతలు గీయడం, అది చేసి, దాని అందం చూసి, పాడు చేసుకోవడం ఇష్టంలేక మూసేస్తాడు. ఇది ముందడుగా వెనకడుగా అని అడిగితే నేను చెప్పలేను. ఆ రోజుల్లో వాళ్ళమ్మా చెప్పలేకపోయి ఉంటుంది.

మాటల దగ్గర కూడా ఒక కత్తిరింపు చేశాను. మన కవిత్వంలో కోలుకోవడానికి సిద్ధంగా ఉన్న మాటలు కొన్నున్నాయి. చిగురు, వెలుగు, ఉదయం, రెక్కలు, గుప్పెడు ఆశ. ఇవి ఎక్కడ కనిపించినా తీసెయ్యాలని నియమం పెట్టుకున్నాను. ఒక చోట "కిటికీలోంచి ఎండ పడింది" అని రాసి ఉంది. నిజంగా మే నెల ఎండే, చురుక్కున కాల్చే ఎండ. అయినా పుస్తకం మీద పడేసరికి అది ఆశాకిరణమై కూర్చుంది. దాన్నీ తీసేశాను. ఇప్పుడు ఆ గదిలో కిటికీ లేదు.

ఇది "నేను" అని ఎందుకు రాయలేదని ఒకరడిగారు. స్వానుభవంలా చెబితే గుండెకి తగులుతుంది కదా అన్నారు. తగులుతుంది, కానీ చూడండి: ఇక్కడ రేడియోలో కూర్చుని "నేను ఇంటర్ తప్పాను" అని మొదలుపెడితే, తప్పినా రేడియో దాకా వచ్చాడుగా అని మీరు వెంటనే లెక్కేసుకుంటారు. నేను నీతి చెప్పకపోయినా నా గొంతే నీతి అయిపోతుంది. "నేను" అన్న కవితలో ఆ నేను ఒడ్డున పడ్డట్టు ముందే తెలిసిపోతుంది. "అతను" అంటే ఒడ్డు ఉందో లేదో తెలియదు. అతనికి పేరు కూడా పెట్టలేదు. విజయ్ అని పెడితే వెటకారం, ఇంకేం పెట్టినా ఎవరో గుర్తొస్తారు.

చివరి ముక్క.

*రోహిణి ఎండ. వేరే కాలేజీ, వేరే బెంచీ.*
*హాజరు కాగితం మీద సంతకం పెట్టిస్తూ*
*"అంత గట్టిగా నొక్కకు, వెనక్కి దిగుతోంది"*
*అంది ఇన్విజిలేటర్.*
*పాక్షిక భిన్నాలు ఇచ్చారు.*
*హారంలో వర్గముంటే రెండు భిన్నాలు.*
*ఈసారి రెండూ రాశాడు.*
*బయట చెరుకురసం తాగాడు, ఐసు వద్దన్నాడు.*
*బస్సులో సీటు దొరికింది.*
*పక్కాయన "ఏం పరీక్ష బాబూ?" అన్నాడు.*
*"ఇంటరు."*
*"ఫస్టియరా, సెకండియరా?"*
*"సెకండియరు."*
*సప్లిమెంటరీ అని అతను చెప్పలేదు.*
*ఆయనా అడగలేదు.*

ఆ నాలుగు మార్కులు పోయింది పాక్షిక భిన్నాల్లో. లెక్కల మేష్టార్లకి ఈ తప్పు కంఠతా వచ్చు. ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా విడగొట్టాలి. హారంలో ఒక్కో కారణాంకానికీ ఒక్కో భిన్నం. అయితే ఒకే కారణాంకం రెండుసార్లు వస్తే, అంటే దాని వర్గం ఉంటే, దానికి రెండు భిన్నాలు రాయాలి: ఒకదాని కింద ఆ కారణాంకం, ఇంకోదాని కింద దాని వర్గం. పిల్లలు కంగారులో వర్గాన్ని మాత్రం రాసి, ఒంటిదాన్ని వదిలేస్తారు. ఇక అక్కణ్ణుంచి ఎంత జాగ్రత్తగా చేసినా గుణకాలు కుదరవు. వీడూ మార్చిలో అదే చేశాడు. మేలో రెండూ రాశాడు.

ఈ కవితలో అతను నేర్చుకున్న పాఠమంటూ ఉంటే ఇదొక్కటే. అది కూడా ద్వితీయ సంవత్సరం గణితంలోది. బతుకు గురించి అతనికి ఏమైనా తెలిసిందా అంటే, నా దగ్గర సమాచారం లేదు. పద్దెనిమిదేళ్ళవాడికి నెల రోజుల్లో బతుకు గురించి తెలియాలని మనం ఎందుకు కోరుకుంటామో కూడా నాకు అర్థం కాదు.

పాసయ్యాడా లేదా అన్నది కవితలో లేదు. ఒక ప్రతిలో జూన్ వరకు వెళ్ళి 48 వేయించాను. 48 రాగానే పైనున్నదంతా మారిపోయింది. ఉప్పు మర్చిపోయిన అమ్మా, రిమోట్ పెట్టిన నాన్నా, గీతలు గీసిన పేజీ, అన్నీ 48కి పెట్టుబడుల్లా కనిపించాయి. కష్టానికి ఫలితం దక్కింది అని కవిత బల్ల గుద్దింది. పోనీ మళ్ళీ తప్పిద్దామా అని చూశాను. అదీ నీతే, చీకటి రంగు పూసుకున్న నీతి. లోకం ఇంతే, పేదవాడి బిడ్డ లేవడు అంటుంది. గెలిపించినా ఓడించినా నేనే తీర్పు చెప్పినట్టవుతోంది. బస్సులో వదిలేశాను. పరీక్ష రాసి, ఫలితం రాని ఆ కొన్ని వారాలు ప్రతి సప్లిమెంటరీ పిల్లవాడికీ నిజంగానే ఉంటాయి. కవిత ఆగడానికి అదొక చోటు.

బస్సులో పెద్దాయనకి అతను ఉన్నది చెప్పాడు, కొంత దాచాడు. ఏప్రిల్‌లో అమ్మతో చెప్పిన సర్వర్ అబద్ధం కంటే ఇది ఎక్కువ నిజం. అయినా పూర్తి నిజం కాదు. ఇక్కడ కొంతమంది నన్ను నిలదీశారు: కనీసం "తప్పాను, మళ్ళీ రాశాను" అని తలెత్తి చెప్పించొచ్చు కదా అని. చెప్పిస్తే సభ లేచి నిలబడుతుంది. కానీ సిటీ బస్సులో పక్క సీటాయనకి మీరెవరైనా అంత చెబుతారా? నేను చెప్పను.

పేరు దగ్గర మాత్రం పెద్ద తగువే అయింది. "తొలి అడుగు", "మళ్ళీ వసంతం" వంటివి నలుగురూ సూచించారు. పేరు కూడా ఒక పాదమే, అందులోనూ మొదట చదివే పాదం. అక్కడ వసంతం వచ్చాక కవితలో ఫ్యాను, బల్లి ఎందుకు? చివరికి "గణితం 2ఏ" అని పెట్టాను. ఒక సంకలనంలో అచ్చయినప్పుడు విషయసూచికలో అది పాఠ్యపుస్తకం ప్రకటనలా కనిపించిందని ఎవరో అన్నారు. నాకు నచ్చింది.

మొన్నామధ్య ఒక జూనియర్ కాలేజీలో దీన్ని చదివాను. అయిపోగానే ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "పాసయ్యాడా సార్?" అంది. నాకు తెలియదన్నాను. ఆ జవాబు వాళ్ళకి ఏమాత్రం ఆనలేదు. వెంటనే లెక్క మొదలుపెట్టారు. పాక్షిక భిన్నాలు నాలుగు, అవి ఖాయం అంది ఆ అమ్మాయి. విస్తరణ కొలతలు ఏడు అన్నాడొకడు. "పట్టిక గీశాడుగానీ నింపలేదురా, కవితలో విన్లేదా?" అని ఇంకొకడు అడ్డుపడ్డాడు. ఆ రోజు నింపలేదు, తర్వాత నింపి ఉంటాడు అని వాదన. పోనీ నింపకపోయినా పట్టిక వేసినందుకు స్టెప్ మార్కులు పడతాయని వెనకబెంచీ మాట. రెండు మార్కుల ప్రశ్నల్లో ఎన్ని వదిలేసి ఉంటాడన్న దగ్గర తరగతి రెండుగా చీలిపోయింది. 31 దాకా లెక్కొచ్చింది ఒక వైపు, ఇంకో వైపు 25 దగ్గర ఆగిపోయి ఒక్క మార్కు కోసం వెతుకుతున్నారు. లెక్చరర్ గారు బోర్డు తుడిచి సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చారు.